నాలుగుసార్లు లేచిన రాత్రులు

రెండేళ్లపాటు రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేచేవాణ్ణి. షుగర్ లేదన్నారు. ప్రోస్టేట్ వయసుకు తగ్గట్టే ఉందన్నారు. సాయంత్రం ఆరు దాటాక నీళ్లు మానేసినా ఏమీ మారలేదు. ఇంకోపక్క బీపీకి మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా పొద్దున చూస్తే 160కి తగ్గేది కాదు. నా గురకకీ ఈ రెండిటికీ సంబంధం ఉంటుందని ఊహించలేదు. మా ఇంట్లో గురక నాన్నగారి కాలం నుంచీ నవ్వుకునే విషయమే.

మా ఆవిడ మాత్రం నవ్వడం మానేసింది. "ఏమండీ, మీరు గురక పెడితే నాకు భయం లేదు. ఆపితేనే భయం" అంది. ఓ రాత్రి ఫోన్లో వీడియో తీసింది. నాలుగో మాత్ర రాయబోతున్న గుండె డాక్టరుగారు అది చూసి, ముందు స్లీప్ స్టడీ, అంటే రాత్రంతా నిద్రను గమనించే పరీక్ష, చేయించుకోమన్నారు.

వైర్లు అతికించడానికే ముప్పావు గంట పట్టింది. నిద్ర ఏ దశలో ఉందో తెలియడానికి తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద. ఈసీజీకి ఛాతీ మీద రెండు, కదలికలకు కాళ్ల మీద. ఛాతీకొక బెల్టు, పొట్టకొక బెల్టు. ముక్కు దగ్గర గాలి పట్టే సన్నని గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. ఇన్ని తగిలించుకుని ఎవడైనా నిద్రపోతాడా అనుకున్నాను, పోయాను. ఒంటిగంటకి ముక్కు గొట్టం జారితే టెక్నీషియన్ వచ్చి సరిచేశాడు. బాత్రూముకి వెళ్లిన మూడుసార్లూ టైము రాసుకున్నాడు.

రిపోర్టు రోజున డాక్టరుగారు కంప్యూటర్లో తెల్లవారుజాము ముక్క ఒకటి తెరిచారు. వెల్లకిలా పడుకుని ఉన్నాను, కలలు వచ్చే దశ. ఆ దశలో కండరాలు బాగా వదులైపోతాయి, గొంతు చుట్టూ ఉన్నవి కూడా. ముక్కు గాలి గీత 48 సెకన్లు బల్లపరుపుగా ఉంది. కానీ బెల్టుల గీతలు ఆగలేదు. ఛాతీ లోపలికి పోతుంటే పొట్ట పైకి లేస్తోంది, ఉయ్యాలబల్ల లాగా. అంటే ఊపిరి తీయమని మెదడు చెబుతూనే ఉంది, దారే మూసుకుపోయింది. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా అంటారట. బెల్టులు కూడా ఆగిపోయి ఉంటే అది మెదడు ఆజ్ఞ ఇవ్వని వేరే రకం, దాని వైద్యం వేరు. ఆక్సిజన్ 94 నుంచి 79కి పడింది. విచిత్రమేమిటంటే ఆ 79 కనబడింది ఊపిరి తిరిగొచ్చాకే. ఊపిరితిత్తుల్లోని రక్తం వేలిదాకా రావడానికి టైము పడుతుందట. మెదడు గీతలో కొన్ని సెకన్ల మెలకువ, నాకు గుర్తు కూడా లేనిది. అప్పుడే గుండె వేగం 54 నుంచి 98కి ఎగిరింది.

"కొబ్బరిబోండాం స్ట్రా అంటుకుపోయినా గట్టిగా పీల్చారనుకోండి. లోపల ఏమవుతుంది?" అన్నారాయన. ఛాతీలో ఆ పీల్పుడు గుండె గోడల్ని బయటికి లాగుతుంది. రక్తాన్ని బయటికి నెట్టాలంటే గుండె ఆ లాగుడుకి ఎదురు పిండాలి. ఆక్సిజన్ పడిపోతే, మెలకువ తగిలితే నరాలు రక్తనాళాల్ని బిగిస్తాయి, బీపీ ఎగురుతుంది. మామూలుగా నిద్రలో తగ్గాల్సిన బీపీ నాకు తగ్గడమే లేదు. ఛాతీలోని ఆ లాగుడుకి గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని పొరబడి, నీటిని బయటికి పంపమని కిడ్నీలకు చెప్పే హార్మోను వదులుతాయి. నా బాత్రూము కథ అదీ.

ఆ రాత్రి నిద్రపోయింది 6.7 గంటలు. ఊపిరి పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి 268. గంటకు 40. ముప్పై దాటితే తీవ్రమే. పడుకున్న 8 గంటలతో భాగిస్తే 33.5 వచ్చేది. తలకు వైర్లు లేక, నిజంగా నిద్రపోయిన టైము తెలియని ఇంటి పరీక్ష కొన్నిసార్లు జబ్బును తక్కువ చూపించేది అందుకేనట.

సీప్యాప్ మిషన్ ఇచ్చారు. గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచుతుంది, అంతే. మొదటి పది రోజులు నరకం. మాస్కు పక్కనుంచి గాలి కారి కళ్లలోకి కొట్టేది, నోరు ఎండిపోయేది. మాస్కు సైజు మార్చాక, తేమ ఇచ్చే నీళ్ల డబ్బా పెట్టాక కుదిరింది. మూడో వారానికి రాత్రి ఒక్కసారే లేస్తున్నాను. బీపీ 138కి వచ్చింది, డాక్టరుగారు ఒక మాత్ర తీసేశారు. అందరికీ ఇంత తగ్గదనీ, సగటున రెండు మూడు పాయింట్లేననీ ముందే చెప్పారు. మిషన్ గుండెపోట్లను ఆపుతుందా అని అడిగితే, 2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో ఆ లాభం కనబడలేదన్నారు. కాకపోతే అందులోని వాళ్లు రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకే పెట్టుకున్నారట.

మొన్న పెళ్లికి వెళ్తూ మిషన్ ఇంట్లోనే వదిలేశాను, ఒక్క రాత్రే కదా అని. సత్రంలో మూడుసార్లు లేచాను. మూడోసారి తిరిగొచ్చేసరికి పక్క మంచం మీద మా బావమరిది లేచి కూర్చుని ఉన్నాడు. "బావా, ఇందాక మీరు ఊపిరి తీయలేదు" అన్నాడు.