శరత్తు కునుకు తీసిన చోట

ఎం.ఏ. ఇంగ్లిష్‌లో నాకు వచ్చిన అసైన్‌మెంట్: ఇంగ్లిష్ కవి కీట్స్ శరత్తు మీద రాసిన ‘టు ఆటమ్’ కవితలో ప్రకృతికి మనిషి రూపం ఇవ్వడం వల్ల కవి మనసు ఎలా బయటపడుతుందో రాయాలి. టెన్షన్ ఎక్కడంటే, మూడు చరణాల్లో ఎక్కడా ‘నేను’ అన్న మాటే లేదు.

గైడులో ‘శరత్తును స్త్రీగా వర్ణించాడు’ అని ఒక్క ముక్క ఉంది. నిజానికి ఆడో మగో కవి చెప్పనే లేదు. అందుకని ఆ సంగతి వదిలేసి, శరత్తు ఏం చేస్తోందో చూస్తూ క్రియల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ పోయాను.

మొదటి చరణంలో ఒకటే పని. సూర్యుడితో కూడబలుక్కుని తీగలకు పళ్లు వేలాడదీయడం, ఆపిల్ కొమ్మలను వంచడం. రెండో చరణానికి వచ్చేసరికి ఆ చేతులు నెమ్మదించాయి. ధాన్యపు కొట్టులో నేల మీద తీరుబడిగా కూర్చుంది, తూర్పారబట్టే గాలికి జుట్టు ఎగురుతోంది. సగం కోసిన చేలో గసగసాల పూల మత్తుకు కునుకు తీసింది; కొడవలి ఆగింది కాబట్టి పక్క వరస, దాన్ని అల్లుకున్న పూలు ఇంకా బతికి ఉన్నాయి. పరిగె ఏరుకునే మనిషిలా తలమీద బరువుతో వాగు దాటుతోంది. చివరికి ఆపిల్ రసం పిండే గానుగ దగ్గర, ఆఖరి బొట్లు కారడం గంటలకొద్దీ చూస్తోంది. కోత ముగిస్తే కాలం అయిపోతుంది. అందుకే కవి కోసేవాళ్లనే నిద్రపుచ్చాడు. ఇంకాస్త ఆగితే బాగుండునన్న కోరిక అతనిదే.

అసలు పట్టు మూడో చరణంలో దొరికింది. ‘వసంతం పాటలేవీ?’ అని అడిగి, ‘వాటి సంగతి తలచకు, నీ సంగీతం నీకుందిలే’ అని శరత్తును ఓదారుస్తాడు. కానీ శరత్తు బాధపడినట్టు ఎక్కడా లేదే! అడిగిందీ అతనే, ఓదార్పు కావలసిందీ అతనికే. ఆ తర్వాత ఏడుపు దోమలకు అప్పగించాడు, గాలి బతికితే అవి పైకి లేస్తాయి, గాలి చస్తే కిందికి దిగుతాయి. తను మాత్రం ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు.

ఇక్కడ చాలామంది కీట్స్ క్షయను లాక్కొస్తారు. తమ్ముడు టామ్ 1818 డిసెంబరులో ఆ జబ్బుతోనే పోయాడు, నిజమే. కానీ కీట్స్‌కు రక్తం పడింది 1820 ఫిబ్రవరిలో, కవిత రాసింది 1819 సెప్టెంబర్ 19న, వించెస్టర్‌లో. రెండు రోజుల తర్వాత స్నేహితుడు రేనాల్డ్స్‌కు రాసిన ఉత్తరంలో, కోసిన చేలు వసంతపు చలిపచ్చదనం కంటే వెచ్చగా కనిపిస్తున్నాయని మురిసిపోయాడు. అందుకే నేను ‘మరణభయం’ అని రాయలేదు. అయిపోతోందని తెలిసీ ఆ వెచ్చదనాన్ని వదలలేకపోవడం అని రాశాను, రుజువుగా ఆగిన కొడవలినీ, ఎవరూ అడగని ఓదార్పునూ చూపించాను.