రోజ్‌హిప్, స్క్వాలేన్, జొజోబా: బెంగళూరు పొడిగాలిలో నా ముఖానికి ఏది నప్పింది

గుంటూరులో పెరిగిన నాకు పొడిగాలి అంటే ఏమిటో బెంగళూరు వచ్చాకే తెలిసింది. జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడ ఎండ ఉన్నా చెమట పట్టదు, చర్మం మాత్రం ఎండిపోతుంది. దానికి తోడు మొటిమలకు డాక్టర్ రాసిచ్చిన అడాపలీన్ జెల్ వాడుతున్నాను. అది బాగా పనిచేస్తోంది కాబట్టి మానే ఉద్దేశం లేదు. కానీ నోటి మూలల్లో, బుగ్గల మీద పొట్టు రాలడం మొదలైంది. మారతహళ్ళి ఆఫీసులో ఏసీ కింద కూర్చుంటే మధ్యాహ్నానికల్లా ముఖం బిగుసుకుపోయేది. రాత్రి క్రీమ్ రాసుకుని పడుకున్నా తెల్లారేసరికి మళ్లీ అదే పరిస్థితి.

అమ్మ ఫోన్లో, "కొబ్బరి నూనె రాసుకోమ్మా, ఇంట్లో ఉన్నదేగా," అంది. ఒంటికీ జుట్టుకీ నేనూ అదే వాడతాను. కానీ మొటిమలు వచ్చే ముఖం మీద కొబ్బరి నూనె చాలామందికి రంధ్రాలు మూసుకుపోయేలా చేస్తుంది. అందుకే దాని జోలికి వెళ్లకుండా, తర్వాత చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్ మేడమ్‌నే ఫేస్ ఆయిల్ గురించి అడిగాను. ఆవిడ ఒక్క షరతు పెట్టారు. "వాడండి. కానీ క్రీమ్ బదులుగా కాదు, క్రీమ్ రాసుకున్నాక దాని పైన."

ఆ మాట వెనక కారణం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. నూనెలో నీళ్లు ఉండవు. అది చర్మానికి తడి ఇవ్వలేదు, ఉన్న తడి గాలిలోకి ఆవిరైపోకుండా కొంత అడ్డుపడుతుంది, పైపొరని మెత్తగా చేస్తుంది. తడిని పట్టి ఉంచే పని క్రీములోని గ్లిజరిన్ లాంటివి చేస్తాయి. ఎండిపోయిన ముఖం మీద ఒట్టి నూనె రాస్తే పైకి మెరుస్తుంది కానీ లోపల బిగుతు అలాగే ఉంటుంది. ఆ అడ్డుపడటంలో కూడా వ్యాజలిన్ ముందు ఈ నూనెలు తక్కువే. వ్యాజలిన్ జిడ్డు ముఖమంతా భరించలేని నాలాంటివాళ్లకు ఇవి మధ్యేమార్గం.

రోజ్‌హిప్, స్క్వాలేన్, జొజోబా మూడు నూనెలూ చిన్న సీసాలే తెప్పించుకున్నాను. ఒకదాని తర్వాత ఒకటిగా, మధ్యలో ఇంకే కొత్త వస్తువూ చేర్చకుండా వాడాలని ముందే అనుకున్నాను. లేకపోతే ఏది మంచి చేసిందో, ఏది చెడు చేసిందో తేలదు. ప్రతిదాన్నీ మొదట మోచేతి లోపలివైపు కొన్ని రోజులు రాసి, మంట, దురద లేవని చూసుకుని, తర్వాత దవడ పక్కన ఒకవైపు మాత్రమే రాస్తూ వచ్చాను. రెండోవైపు ఒట్టి క్రీమ్. అద్దంలో రెండు వైపులూ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి, వాతావరణం వల్ల వచ్చిన తేడా ఏదో, నూనె వల్ల వచ్చిన తేడా ఏదో విడిగా తెలుస్తుంది.

ముందు రోజ్‌హిప్ మొదలుపెట్టాను, ఎందుకంటే ఎక్కువగా చెప్పుకునేది దాని గురించే. అడవి గులాబీ కాయల గింజల నుంచి తీసే నూనె ఇది. నారింజ రంగులో, రాయగానే తేలిగ్గా ఇంకిపోయే రకం. ఇందులో లినోలెయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం చాలా ఎక్కువ. మొటిమలున్నవాళ్ల చర్మపు జిడ్డులో ఈ ఆమ్లం తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో గమనించారు. అందుకే మొటిమల చర్మానికి ఇది నప్పుతుందని అంటారు. అంతమాత్రాన పైన రాస్తే మొటిమలు తగ్గిపోతాయని కాదు. ఇందులో విటమిన్ సి దండిగా ఉందని కొందరు అమ్ముతుంటారు, అది నమ్మకండి. విటమిన్ సి నీటిలో కరిగేది, కాయ గుజ్జులో ఉంటుంది, గింజ నూనెలోకి రాదు. రెటినాయిడ్ గుణం, అంటే అడాపలీన్ లాంటి మందుల గుణం, ఉందనే మాట కూడా అంతే. ఉంటే గింటే లేశమాత్రం, అడాపలీన్ చేసే పనికి అది బదులు కాదు.

నా బుగ్గకి రోజ్‌హిప్ బాగానే పట్టింది. పొట్టు తగ్గింది, మొటిమలు పెరగలేదు. దీని అసలు సమస్య నిల్వ. ఇందులోని లినోలెయిక్, లినోలెనిక్ ఆమ్లాలు గాలి, వెలుతురు, వేడి తగిలితే త్వరగా ఆక్సీకరణం చెందుతాయి. అలా పాడైన నూనె చర్మాన్ని మండించగలదు. పైగా మన ఇళ్లలో ఇలాంటి సీసాలు పెట్టేది ఎక్కడ? బాత్రూంలో, గీజర్ ఆవిరి తగిలే చోట. నేను మొదటి నుంచీ ఫ్రిజ్ తలుపులో పెట్టాను. మూత తీసినప్పుడల్లా వాసన చూసేదాన్ని. తాజా రోజ్‌హిప్‌కి కొంచెం మట్టి, గింజల వాసన ఉంటుంది. అది పోయి నిలవ జంతికల డబ్బా మూత తీసినప్పటి వాసన వస్తే, ఎంత డబ్బు పెట్టి కొన్నా ముఖానికి వద్దు. ముదురు రంగు గాజు సీసాలో, దొరికినంత చిన్నది కొని, మూత తీసిన తేదీని సీసా మీద రాసి, ఆరు నెలల లోపు అవగొట్టడం మంచిది. ముఖానికి రోజుకి రెండు మూడు చుక్కలే పడతాయి కాబట్టి పెద్ద సీసా ఎప్పటికీ అవ్వదు.

తర్వాత స్క్వాలేన్. మన చర్మం తయారుచేసే జిడ్డులో దాదాపు పదో వంతు స్క్వాలీన్ అనే పదార్థం ఉంటుంది. అది కూడా గాలికి త్వరగా పాడయ్యేదే. దానికి హైడ్రోజన్ చేర్చి, పాడవకుండా చేసిన రూపమే స్క్వాలేన్. ఒకప్పుడు సొరచేప కాలేయం నుంచి తీసేవారు, ఇప్పుడు ఆలివ్ నుంచి, చెరకు నుంచి తీసినవి దొరుకుతున్నాయి. ఏ మూలం నుంచి వచ్చిందో సీసా మీద రాసి ఉన్నదే తీసుకున్నాను. రంగు లేదు, వాసన లేదు, నీళ్లలా పల్చగా ఉంటుంది. రోజ్‌హిప్‌లో ఉన్నట్టు ఇందులో చర్మానికి పనికొచ్చే కొవ్వు ఆమ్లాలు ఏవీ లేవు. నాకు దీనిలో నచ్చింది అదే. అడాపలీన్‌తో ఇప్పటికే చిరాకుగా ఉన్న చర్మానికి కొత్తగా ఇంకేమీ చేయని, కేవలం తడి పోకుండా ఆపే నూనె కావాలి. అది ఫ్రిజ్ అక్కర్లేకుండా కూడా నెలల తరబడి పాడవకుండా ఉంటుంది.

ఇంకో లాభం మా టీమ్‌లోని అక్క వల్ల తెలిసింది. ఆమెకు నుదుటి మీద, జుట్టు మొదళ్ల దగ్గర అన్నీ ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు వచ్చాయి, విపరీతమైన దురద. మొటిమల క్రీమ్‌తో తగ్గలేదు. డాక్టర్ చూసి అవి మలసేజియా అనే ఈస్ట్ రకపు ఫంగస్ వల్ల వచ్చినవని చెప్పి, ఫంగస్ మందు ఇచ్చారు. ఆ ఈస్ట్ మన చర్మం మీద అందరికీ ఉండేదే, కొవ్వు ఆమ్లాలను తిని పెరుగుతుంది. రోజ్‌హిప్ లాంటి మామూలు నూనెలు దానికి ఆహారం అవుతాయి. స్క్వాలేన్‌లో కొవ్వు ఆమ్లాలే లేవు కాబట్టి దానికి పనికిరాదు. అలాంటి దురద పొక్కులు వచ్చే తత్వం ఉన్నవాళ్లు మూడింటిలో స్క్వాలేన్‌నే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

జొజోబాని నూనె అంటాం గానీ నిజానికి అది ద్రవరూపంలో ఉన్న మైనం. మెక్సికో, అమెరికా సరిహద్దు ఎడారుల్లో పెరిగే పొద గింజల నుంచి తీస్తారు. మన చర్మపు జిడ్డులోనూ ఇలాంటి మైనపు ఎస్టర్లు ఉంటాయి. తేలిగ్గా పాడవదు. కానీ స్క్వాలేన్ కంటే చిక్కన, ముఖం మీద ఎక్కువసేపు తెలుస్తూ ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే మన కొబ్బరి నూనెలాగే గడ్డకట్టింది. బయట పెడితే కరిగిపోతుంది, అది చెడిపోయిన గుర్తు కాదు. నా దవడ పక్కన హాని ఏమీ చేయలేదు గానీ, దిండు గుడ్డకి అంటుకుంటుంటే చిరాకేసింది. దానికి నేను వేరే పని ఇచ్చాను. సాయంత్రం ఇంటికి రాగానే పొడి చేతులతో, పొడి ముఖం మీద జొజోబా కాస్త రాసి మర్దన చేస్తే సన్‌స్క్రీన్ వదులవుతుంది. దూదితో తుడిచి, వెంటనే మామూలు ఫేస్‌వాష్‌తో కడిగేస్తాను. క్లెన్సింగ్ ఆయిల్‌లో ఉండే, నీళ్లతో కలిసి పోయేలా చేసే పదార్థం ఒట్టి జొజోబాలో ఉండదు, కాబట్టి ఫేస్‌వాష్ తప్పనిసరి.

రాత్రి వరుస ఇలా కుదిరింది. ముఖం కడిగి, తుడుచుకుని, పూర్తిగా ఆరనిస్తాను. నోటి మూలల్లో, ముక్కు పక్కన కాస్త వ్యాజలిన్ పెడతాను, అడాపలీన్ అక్కడ చేరి మండించకుండా. తర్వాత బఠాణీ గింజంత అడాపలీన్ ముఖమంతా పల్చగా. కాసేపాగి క్రీమ్. చివర్న రెండు చుక్కల స్క్వాలేన్ అరచేతుల్లో రుద్దుకుని బుగ్గల మీద మాత్రమే అద్దుతాను. నుదురు, ముక్కు నాకు ఎలాగూ జిడ్డే, అక్కడ రాయను. నూనెను అడాపలీన్ కంటే ముందు రాయను, అప్పుడు మందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఇంకే అవకాశం ఉంటుంది.

పొద్దున నూనె అసలు వద్దు. సన్‌స్క్రీన్ ముఖం మీద ఒకే మందంలో పొరలా పరుచుకుంటేనే పనిచేస్తుంది. కింద జిడ్డు ఉంటే అది జారుతుంది. అరచేతిలో సన్‌స్క్రీన్‌లో రెండు చుక్కలు కలిపి రాసుకునేవాళ్లని కూడా చూశాను. అలా చేస్తే సీసా మీద రాసిన ఎస్‌పీఎఫ్ మనకి అందుతుందన్న భరోసా లేదు.

నూనె పడకపోతే ఎలా తెలుస్తుందని మా టీమ్‌లోని అక్క అడిగింది. ఎప్పుడు వచ్చింది, ఎలా ఉంది అన్నది చూస్తే చాలావరకు తెలుస్తుంది. రాసిన కాసేపటికో మర్నాటికో ఎరుపు, మంట వస్తే అది చర్మానికి పడకపోవడం, లేదా నూనె పాడైపోవడం. ఒకేలాంటి దురద పొక్కులు గుంపుగా వస్తే ఈస్ట్‌ని అనుమానించాలి. దురద లేకుండా చర్మం కింద గట్టి గింజల్లా, కొన్ని వారాల తర్వాత మెల్లగా తేలితే రంధ్రాలు మూసుకుంటున్నట్టు. ఈ చివరిది ఆలస్యంగా కనిపిస్తుంది కాబట్టి, వారం వాడి బాగుంది అనేసి ముఖమంతా రాయడం తొందరపాటు.

ఏప్రిల్‌లో పెళ్లికి చెన్నై వెళ్లినప్పుడు సీసా తీసుకెళ్లాను కానీ వాడలేదు. అక్కడి ఉక్కకి క్రీమే ఎక్కువైంది. బెంగళూరులో కూడా జూన్ వానలు మొదలయ్యాక స్క్వాలేన్ రోజూ అక్కర్లేకపోయింది, పొట్టు కనిపించిన రాత్రి మాత్రమే ఒక చుక్క. రోజ్‌హిప్ సీసాలో మిగిలినది తేదీ దాటకముందే మెడకీ చేతులకీ రాసి అవగొట్టాను, మళ్లీ కొనలేదు.