ముగ్గురికీ పది పాయింట్లే: మా లీగ్ పట్టికతో నా అనుభవం

మా ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ నిన్ననే అయిపోయింది. ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే, ఆ ఫైనల్‌కి రెండో జట్టు ఏదో తేల్చడానికి నేను పడ్డ పాట్లు వేడి తగ్గకముందే రాసి పెడుతున్నాను. స్ప్రెడ్‌షీట్‌లో పాయింట్ల పట్టిక చేద్దామనుకునే వాళ్ళకి పనికొస్తుంది.

జట్లు ఆరు, ప్రతి జట్టూ మిగతా వాటితో ఒక్కోసారి ఆడాలి కాబట్టి మొత్తం 15 మ్యాచ్‌లు. గెలిస్తే 3, డ్రా అయితే 1, ఓడితే సున్నా. Match అనే షీట్‌లో ఒక్కో వరుసకి ఒక్కో మ్యాచ్: A లో మొదటి జట్టు, B లో వాళ్ళ గోల్స్, C లో ఎదుటివాళ్ళ గోల్స్, D లో ఎదుటి జట్టు. Table అనే షీట్‌లో జట్టుకో వరుస. గెలుపులు, ఓటములు లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. డ్రాల దగ్గర మాత్రం ఒక గుంట ఉంది. ఇంకా ఆడని మ్యాచ్‌లో రెండు గోల్ గడులూ ఖాళీగా ఉంటాయి. ఖాళీ, ఖాళీ సమానమే కాబట్టి షీట్ దాన్ని డ్రా అనుకుని ఇద్దరికీ తలో పాయింటు పంచేస్తుంది. లీగ్ మొదలవకముందే అందరికీ ఐదేసి పాయింట్లు కనిపిస్తే కారణం ఇదే. గడి ఖాళీగా లేదన్న షరతు పెడితే సరిపోతుంది:

```
=SUMPRODUCT(((Match!$A$2:$A$16=A2)+(Match!$D$2:$D$16=A2))
*(Match!$B$2:$B$16<>"")*(Match!$B$2:$B$16=Match!$C$2:$C$16))
```

Table లోనే కొట్టిన, తిన్న గోల్స్ F, G కాలమ్‌లలో, తేడా H లో, పాయింట్లు I లో. ఇక్కడి వరకూ హాయిగా సాగిపోయింది.

అసలు తంటా సమాన పాయింట్ల దగ్గర. మా కమిటీ నియమావళిలో దీనికి ఒక్కటే లైను ఉంది: "పాయింట్లు సమానమైతే ముఖాముఖి ఫలితం, తర్వాత మొత్తం గోల్ డిఫరెన్స్." లీగ్ మొదలవకముందే కార్యదర్శి గారిని అడిగాను, మూడు జట్లు సమానమైతే ముఖాముఖి ఎవరెవరి మధ్య చూడాలి సార్ అని. "అంత దూరం రాదులెండి" అన్నారు. ఈ మాట రాతపూర్వకంగా తీసుకుని ఉంటే ఫ్రేము కట్టించేవాణ్ణి.

నెట్‌లో ఉచితంగా దొరికే రెడీమేడ్ షీట్ ఒకటి పంపి, ఇదే వాడమని సలహా కూడా ఇచ్చారాయన. దాంట్లో ఒకదాంట్లో ఒకటి దూరిన IF లు బోలెడు: ఈ జట్టు, దాని కింది జట్టు సమానమైతే వాళ్ళిద్దరి మ్యాచ్ వెతుకు అని. రెండు జట్లకైతే పనిచేస్తుంది. మూడు జట్లు ఒకరినొకరు గుండ్రంగా ఓడించుకుంటే చేతులెత్తేస్తుంది. పైగా ర్యాంకుని చూసి మ్యాచ్ వెతకడం, ఆ మ్యాచ్‌ని చూసి ర్యాంకు మార్చడం. అందుకే తెరవగానే సర్క్యులర్ రిఫరెన్స్ హెచ్చరిక వచ్చేది. ఆ హెచ్చరిక చూశారంటే ఆ షీట్‌ని మూసేయండి, మరమ్మతు చేయకండి.

నేను పట్టుకున్న దారి వేరు, దీని విషయంలో కొంచెం గొప్పలు చెప్పుకుంటాను. సమానంగా ఉన్న జట్ల మధ్య మినీ లీగ్ అంటే ఏమిటి? రెండు వైపులా ఒకే పాయింట్లున్న జట్లు ఆడిన మ్యాచ్‌లు, అంతే. కాబట్టి జట్లని గుంపులు చేయక్కర్లేదు, మ్యాచ్‌ల మీద గుర్తు పెడితే చాలు. Match షీట్‌లో E కాలమ్‌లో మొదటి జట్టు మొత్తం పాయింట్లు, F లో ఎదుటి జట్టువి తెచ్చుకున్నాను:

```
=SUMIF(Table!$A$2:$A$7,A2,Table!$I$2:$I$7)
```

F లో A2 బదులు D2. E, F సమానంగా ఉన్న మ్యాచ్‌లు మాత్రమే మినీ లీగ్‌లోకి వస్తాయి. వాటి పాయింట్లు Table లో J కాలమ్‌లో:

```
=SUMPRODUCT((Match!$A$2:$A$16=A2)*(Match!$B$2:$B$16<>"")
*(Match!$E$2:$E$16=Match!$F$2:$F$16)
*(3*(Match!$B$2:$B$16>Match!$C$2:$C$16)+(Match!$B$2:$B$16=Match!$C$2:$C$16)))
```

ఇది మొదటి జట్టుగా ఆడిన మ్యాచ్‌లకి. A బదులు D, B బదులు C, C బదులు B పెట్టి ఇంకో సగం కలపాలి. ఇదే పద్ధతిలో మినీ లీగ్ గోల్ తేడా K లో, మినీ లీగ్ గోల్స్ L లో. పాయింట్లకి ర్యాంకుతో సంబంధం లేదు కాబట్టి సర్క్యులర్ గొడవే రాదు. పైన మూడు జట్లు, కింద రెండు జట్లు వేర్వేరు పాయింట్ల దగ్గర సమానమైనా ఒకే ఫార్ములా రెండు గుంపుల్నీ చూసుకుంటుంది.

పరీక్షించడానికి 2024 యూరో కప్ గ్రూప్ ఇ ఫలితాలు ఎక్కించాను. రొమేనియా, బెల్జియం, స్లొవేకియా, ఉక్రెయిన్ నలుగురికీ నాలుగేసి పాయింట్లే వచ్చిన గ్రూప్ అది. నలుగురూ సమానమంటే మినీ లీగ్ అంటే మొత్తం గ్రూపే. కాబట్టి J కాలమ్, I కాలమ్ అంకెకి అంకె కలవాలి. కలిశాయి. గోల్ తేడాలో రొమేనియా, బెల్జియం రెండూ ప్లస్ ఒకటి, కొట్టిన గోల్స్ నాలుగు, రెండు. రొమేనియా పైన, ఉక్రెయిన్ అట్టడుగున, అసలు పట్టికలో ఉన్నట్టే. మీరు ఏ పద్ధతిలో చేసినా ఈ గ్రూప్‌తో ఒకసారి సరిచూసుకోండి.

ఆఖరి మ్యాచ్ రోజు, కార్యదర్శి గారు రాదన్న దూరం రానే వచ్చింది. రెడ్, బ్లూ, గ్రీన్ మూడు జట్లకీ పది పాయింట్లు. రెడ్ బ్లూని 3-0 తో కొట్టింది. బ్లూ గ్రీన్‌ని 2-0 తో కొట్టింది. గ్రీన్ రెడ్‌ని 2-1 తో కొట్టింది. మినీ లీగ్‌లో ముగ్గురికీ మూడేసి పాయింట్లు. గోల్ తేడా రెడ్‌కి ప్లస్ రెండు, కాబట్టి రెడ్ మొదటి స్థానం, ఎవరికీ పేచీ లేదు. బ్లూ, గ్రీన్ ఇద్దరికీ తేడా మైనస్ ఒకటి, ఇద్దరూ కొట్టిన గోల్స్ రెండే. అక్కడ మినీ లీగ్ ఆగిపోయింది. నియమావళి ప్రకారం తర్వాతిది మొత్తం గోల్ డిఫరెన్స్: గ్రీన్‌కి ప్లస్ ఐదు, బ్లూకి ప్లస్ మూడు. గోడ మీద పడుతున్న పట్టికలో గ్రీన్ రెండో స్థానంలో నిలబడింది.

బ్లూ కెప్టెన్ లేచాడు. "అన్నా, మేం గ్రీన్‌ని రెండు సున్నాతో కొట్టాం. ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే కదా, వాళ్ళు మా పైన ఎలా ఉంటారు?" హాలంతా నా వైపు తిరిగింది. కార్యదర్శి గారు మైకు అందుకుని, "కంప్యూటర్ ఎలా చెబితే అలాగే, ఆయన చేసిందే ఇదంతా" అన్నారు. లైను రాసింది ఆయన, అడిగితే దాటేసింది ఆయన, ముద్దాయిని నేను. వెనక నుంచి ఎవరో "గ్రీన్ వాళ్ళ మనిషేమో" అన్నారు. గ్రీన్‌లో నాకు ఒక్కడూ తెలియదు. అయినా చెవులు వేడెక్కాయి.

ఆ కెప్టెన్ అడిగిందాంట్లో న్యాయం ఉంది. యూరో కప్ నియమాల్లో సరిగ్గా ఇదే రాసి ఉంది: మినీ లీగ్‌లో పాయింట్లు, తేడా, గోల్స్ చూశాక ఇంకా కొన్ని జట్లు సమానంగా మిగిలితే, మిగిలిన వాళ్ళ మధ్య మ్యాచ్‌లు మాత్రమే తీసుకుని అవే మూడూ మళ్ళీ మొదటి నుంచి చూడాలి. అప్పటికీ తేలకపోతేనే మొత్తం గోల్ తేడా. మా లైనులో "మళ్ళీ" అన్న ముక్క లేదు. ఇంకో సంగతి, మినీ పాయింట్లు చూడగానే మళ్ళీ మొదలుపెట్టడం వేరు, మూడూ చూశాక మొదలుపెట్టడం వేరు. రెండు పద్ధతులూ వేర్వేరు జట్లని ఫైనల్‌కి పంపే సందర్భాలుంటాయి. ఏదో ఒకటి ముందే రాయించుకోండి, సంతకంతో సహా.

కమిటీ లోపల కూర్చుని వాదించుకుంటున్నంత సేపట్లో నేను రెండో వడపోత కట్టాను. మొదటి వడపోతలో వచ్చిన నాలుగు అంకెల్నీ కలిపి M కాలమ్‌లో ఒకే సంఖ్య:

```
=I2*1000000+J2*10000+(K2+50)*100+L2
```

50 కలపడం మైనస్ తేడాలు పక్క అంకెల్ని చెడగొట్టకుండా. రెడ్‌కి 10035204 వచ్చింది. బ్లూకి, గ్రీన్‌కి 10034902, ఇద్దరికీ అదే. ఇంకా విడిపోలేదనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు. ఇప్పుడు Match షీట్‌లో G, H కాలమ్‌లలోకి పాయింట్ల బదులు ఈ సంఖ్యని తెచ్చి, పాత ఫార్ములానే ఇంకోసారి నడిపాను. G, H సమానమైన మ్యాచ్ బ్లూ-గ్రీన్ ఒక్కటే మిగిలింది. రెండో వడపోత పాయింట్లు N కాలమ్‌లో బ్లూకి 3, గ్రీన్‌కి సున్నా. జట్లు ఎక్కువుంటే మూడో వడపోత కూడా కావాలి. ఆరు జట్లకి నాకు రెండే సరిపోయాయి. ర్యాంకు ఇలా:

```
=1+COUNTIF($M$2:$M$7,">"&M2)
+COUNTIFS($M$2:$M$7,M2,$N$2:$N$7,">"&N2)
```

ఒక్కో మెట్టుకీ ఇంకో COUNTIFS కలుపుకుంటూ పోవాలి. పైమెట్లు సమానం, ఈ మెట్టులో నాకన్నా ఎక్కువ ఉన్నవాళ్ళు ఎందరు అని అడగడమే. N తర్వాత రెండో వడపోత తేడా, గోల్స్, ఆ తర్వాత మొత్తం తేడా.

కమిటీ బయటికొచ్చి యూరో పద్ధతే ఖాయమంది, బ్లూ ఫైనల్‌కి వెళ్ళింది. గ్రీన్ వాళ్ళు చేయి కలపకుండా వెళ్ళిపోయారు. వాళ్ళ కోపం కూడా తప్పని నేననను. ఆట అయ్యాక నియమం రాస్తే ఎవరికో ఒకరికి మండుతుంది.

అన్ని మెట్లూ అయ్యాక కూడా ఇద్దరు సమానమైతే ఇద్దరికీ ఒకే ర్యాంకు వస్తుంది, కింది ర్యాంకు ఎవరికీ ఉండదు. ర్యాంకుని బట్టి జట్టు పేరు వెతికే పట్టికలో ఆ వరుస #N/A అంటుంది. చాలామంది దీన్ని దాచడానికి ROW() కలిపేస్తారు. అంటే షీట్‌లో పేరు ముందు టైప్ చేసిన జట్టు పైకి పోతుంది. చూసేవాళ్ళకి తెలియకుండా లాటరీ తీయడమే ఇది, నాకు అస్సలు నచ్చదు. నేను లాటరీ అనే కాలమ్ బహిరంగంగా పెట్టాను. అందరి ముందు చీటీ తీసి అంకె వేయాలి, లేదంటే #N/A అలాగే కనిపించాలి.

లీగ్ మధ్యలో ఈ ముఖాముఖి మెట్లు నమ్మకండి. సమానంగా ఉన్న ముగ్గురిలో ఇద్దరే ఆడుకుని ఉంటే, గెలిచినవాడు ఊరికే పైకి తేలతాడు. అందుకే అన్ని మ్యాచ్‌లూ అయ్యేదాకా మొత్తం తేడాతోనే చూపించే ఒక స్విచ్ గడి పెట్టాను.

ఇప్పుడు కార్యదర్శి గారు వచ్చే సీజన్‌కి కార్డుల మెట్టు కూడా పెట్టమంటున్నారు. 2018 ప్రపంచ కప్‌లో జపాన్, సెనెగల్ పాయింట్లు, గోల్స్ అన్నీ సమానమై, ఇద్దరి మ్యాచ్ కూడా 2-2 డ్రా అయితే, పసుపు కార్డులు నాలుగే ఉన్న జపాన్ ఆరు కార్డులున్న సెనెగల్‌ని దాటి ముందుకెళ్ళింది కదా, అలా అన్నమాట. కాలమ్ పెట్టడానికి నాకేం ఇబ్బంది లేదు. పసుపుకి ఎంత, ఎరుపుకి ఎంత, ఒకే మ్యాచ్‌లో రెండు పసుపులతో బయటికెళ్తే ఎంత అన్నది ముందు కాగితం మీద రాసిమ్మన్నాను. ఇంకా రాలేదు.