లేచాడు కానీ వార్డుకు పంపలేదు

"సిస్టర్, మా నాయిన లేచిండు గదా, ఇగ వార్డుకు తీస్కపోదమా?" దేవరకొండ నుంచి వచ్చిన కొడుకు తొందరపడుతున్నాడు. మార్ఫిన్ మత్తుకు విరుగుడుగా నాలోక్సోన్ ఇచ్చి అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు.

అంతకుముందు పెద్దాయన నిమిషానికి ఆరుసార్లే ఊపిరి తీసుకుంటున్నాడు. పిలిస్తే పలకడం లేదు, కంటిపాపలు గుండుసూది మొనంత. ఆపరేషన్ నొప్పికి ఇచ్చిన మార్ఫిన్ ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

కొడుకుకు తాళం లెక్కన చెప్పాను. మెదడు కణాల మీది రిసెప్టర్ తాళం. మార్ఫిన్ అందులో దూరి తిరిగే తాళంచెవి, అంటే అగోనిస్ట్. నొప్పి తగ్గుతుంది, ఊపిరీ మందగిస్తుంది. నాలోక్సోన్ యాంటగోనిస్ట్. అదే తాళంలో గట్టిగా కూర్చుంటుంది, కానీ తిరగదు. మార్ఫిన్‌కు చోటు దొరకదు.

అయితే మార్ఫిన్ ఒంట్లోంచి పోలేదు. నాలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే, మార్ఫిన్ ప్రభావం నాలుగైదు గంటలు. కిడ్నీలు బాగా లేకపోతే ఇంకా ఎక్కువ. నాలోక్సోన్ తప్పుకోగానే మళ్లీ మత్తు కమ్మొచ్చు. అలాగని ఒకేసారి బోలెడు ఇస్తే నొప్పి మొత్తం తిరిగొస్తుంది. అందుకే 0.4 మిల్లీగ్రాముల మందును 10 మి.లీ.కి పలచన చేసి, ఊపిరి చూసుకుంటూ కొంచెం కొంచెం ఇస్తాం.

గంట దాటాక ఊపిరి మళ్లీ ఎనిమిదికి దిగింది. ఇంకో డోసు పడింది. కొడుకు వార్డు మాట ఎత్తలేదు.

నైట్ డ్యూటీలో నా చాయ్‌దీ ఇదే పని. నిద్రమత్తు తెచ్చే అడెనోసిన్‌కు కెఫీన్ అడ్డం కూర్చుంటుంది, అంతే. పేరుకున్న అడెనోసిన్ ఎక్కడికీ పోదు, డ్యూటీ దిగాక బస్సులోనే పట్టుకుంటుంది.