రెండు గంటల ఆలస్యానికి మూడు రోజుల జీతం: నా అనుభవం

నిన్న సాయంత్రం నా ఖాతాలో 10,925 రూపాయలు జమ అయ్యాయి. అందులో 7,925 గత సెప్టెంబరు జీతంలో అన్యాయంగా కోసిన సొమ్ము, 3,000 పరిహారం. ఆ కోపం, ఈ ఊరట రెండూ చల్లారకముందే రాస్తున్నాను.

నేను హైదరాబాదు శివార్లలో మందుల అట్టపెట్టెలు తయారు చేసే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాను. నెల జీతం 18,200. సెప్టెంబరులో ఇరవై ఆరు పనిదినాలు, రోజుకు ఎనిమిది గంటలు. అంటే రోజుకు 700, గంటకు 87 రూపాయల 50 పైసలు. ఈ లెక్క నెల మొదట్లోనే వేసుకుని ఉంటే నేను అంత తేలికగా లొంగేదాన్ని కాదు.

ఆ నెల వానలకు బస్సులు దొరక్క ఆరుసార్లు ఆలస్యంగా వెళ్లాను. వేలిముద్ర యంత్రం లెక్క ప్రకారం మొత్తం రెండు గంటలు. పది నిమిషాలు దాటితే పూట జీతం పోయినట్టే అని మా కంపెనీలో నియమం పెట్టారు. ఆరు పూటలకు 2,100 కోశారు. అదే నెల ఒక శనివారం రాత్రి గోదాము పైకప్పు రేకు ఊడి, వాన నీళ్లకు పెట్టెలు తడిసిపోయాయి. నష్టం 36,000 అని తేల్చి ప్యాకింగ్‌లోని ఆరుగురి మీద తలా 6,000 వేశారు. పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 137 పోగా నా చేతికి వచ్చింది 8,163.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది డబ్బు కాదు. జీతాలకు ముందు రోజు మేనేజరు తన గదికి పిలిపించాడు. అక్కడ అకౌంటెంటు, ఇద్దరు సూపర్‌వైజర్లు కూర్చుని ఉన్నారు. నాకు కుర్చీ చూపించలేదు. "నా నిర్లక్ష్యం వల్ల సరుకు పాడైంది, నా జీతం నుంచి మినహాయించుకోవడానికి అంగీకరిస్తున్నాను" అని ముందే టైపు చేసిన కాగితం ముందుకు తోశారు. గోదాము తాళం మా దగ్గర ఉండదు సార్, స్టోర్ కీపరు దగ్గర ఉంటుంది అన్నాను. "తాళం సంగతి నిన్ను ఎవరు అడిగారు? సంతకం పెట్టమ్మా, లేకపోతే రేపటి నుంచి రావద్దు" అన్నాడు. అకౌంటెంటు గడియారం చూసుకుంటూ, ఇంకా అయిదుగురు బయట ఉన్నారని తొందరపెట్టాడు. పిల్లల స్కూలు ఫీజు గుర్తుకు వచ్చింది. పెట్టేశాను. చేయని తప్పు చేశానని నా చేత్తో రాసి ఇచ్చినట్టయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

తర్వాత వారం, పక్క ఫ్యాక్టరీలో యూనియన్ నడిపే పెద్దాయన దగ్గరకు వెళ్లాను. మేమంతా అన్న అంటాం. జీతం చీటీ చూడగానే ఆయన వేసిన మొదటి ప్రశ్న, "ఏ తప్పులకు జరిమానా వేస్తారో నోటీసు బోర్డు మీద పెట్టారా?" అని. పెట్టలేదు. అసలు సంగతి అప్పుడు విప్పి చెప్పారు.

1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం ఆలస్యానికి రెండు రకాల కోత ఉంటుంది, ఆ రెంటినీ కలిపేసి కంపెనీలు మోసం చేస్తాయి. మొదటిది గైరుహాజరు కోత. ఎంత సేపు పనిలో లేమో అంతకే కోయాలి. నా రెండు గంటలకు 175 రూపాయలు. అది న్యాయమే, దాన్ని నేను తిరిగి అడగలేదు కూడా. దాని మీద ఒక్క రూపాయి ఎక్కువ కోసినా అది జరిమానా అవుతుంది. జరిమానా వేయాలంటే ఆ తప్పు పేరు ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ముందుగా ఆమోదించిన నోటీసులో ఉండాలి, కార్మికుడి సంజాయిషీ వినాలి. అన్నీ సక్రమంగా చేసినా నెల మొత్తానికి జీతంలో మూడు శాతం దాటకూడదు. నా విషయంలో అది 546. పైగా అలా వసూలైన జరిమానా యజమాని జేబులోకి పోకూడదు, కార్మికుల మేలుకే ఖర్చు చేయాలి. మా దగ్గర ఏళ్ల తరబడి కోసిన పూటల డబ్బు ఎటు పోయిందో ఒక్కరూ అడగలేదు.

ఇక తడిసిన సరుకు. నష్టం రాబట్టుకోవడం చట్టవిరుద్ధం కాదు. అయితే ఆ సరుకును భద్రపరచమని ఫలానా మనిషికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, నష్టం నేరుగా ఆ మనిషి నిర్లక్ష్యం వల్ల జరిగి ఉండాలి, కోసే ముందు సంజాయిషీ అడగాలి. స్టోర్ కీపరు తలుపు తెరిచి వెళ్లిపోయి ఉంటే అతని జీతంలో కోయడానికి ఆధారం ఉండేది. ఊడిన రేకుకు ఆరుగురు ప్యాకింగ్ మనుషులు ఎలా బాధ్యులవుతారు? ఎవరి వల్ల జరిగిందో తేల్చకుండా తలా ఇంత అని పంచడమే తప్పు. ఇంకొకటి: సహకార సంఘాల బకాయిలు లేనప్పుడు అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. నా సగం 9,100. వాళ్లు కోసింది 10,037.

దరఖాస్తు రాయడం, కార్మిక శాఖ కార్యాలయంలో ఇవ్వడం ఒక్క పూటలో అయిపోయింది. జీతం చీటీ, హాజరు వివరాలకు నకళ్లు జత చేశాం.

మొదటి విచారణలో కంపెనీ తరఫున వచ్చిన అకౌంటెంటు నా సంతకం ఉన్న కాగితం బయటపెట్టాడు. "ఆమే ఒప్పుకుంది సార్" అన్నాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. అధికారి కాగితం చదివి పక్కన పెట్టి, చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటూ కార్మికుడు రాసిచ్చిన ఒప్పందం చెల్లదని సెక్షన్ 23 చదివి వినిపించారు. తర్వాత జరిమానాల రిజిస్టరు, నష్టాల రికవరీ రిజిస్టరు తెమ్మన్నారు. రెండో వాయిదాకూ తేలేదు. లేనివి ఎక్కడి నుంచి తెస్తారు? అకౌంటెంటు ముఖం అప్పుడు చూశాను. ఆ గదిలో నన్ను నిలబెట్టిన రోజు నాటి బాధ కొంత తీరింది.

అందుకే చెబుతున్నాను, భయపడి సంతకం పెట్టినవాళ్లు అంతటితో అయిపోయిందని ఊరుకోవద్దు. వీలైతే ఆ కాగితం నకలు అడగండి. బెదిరించిన తేదీ, గదిలో ఉన్నవాళ్ల పేర్లు అదే రోజు రాసిపెట్టుకోండి. నేను రాసుకోలేదు, విచారణలో తేదీ అడిగితే తడబడ్డాను.

కోసిన సొమ్ముకు పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఉన్నా నాకు 3,000తో సరిపెట్టారు. నా దృష్టిలో అది చాలా తక్కువ. ఈలోగా 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. మూడు శాతం హద్దు, సంజాయిషీ, సగానికి మించని కోత, పది రెట్ల పరిహారం అందులోనూ ఉన్నాయి. పాత చట్టం నెలకు 24,000 దాటని జీతాలకే వర్తించేది, కోడ్‌లో ఆ హద్దు లేదు. దరఖాస్తుకు పాత చట్టంలో పన్నెండు నెలలే గడువు, కోడ్‌లో మూడేళ్లు.

మిగిలిన అయిదుగురిలో ముగ్గురు నిన్న రాత్రే మా ఇంటికి వచ్చారు. ఆ కోత పాత చట్టం నాటిది కాబట్టి మూడేళ్ల మాట నమ్ముకోకుండా ఈ అక్టోబరు లోపే దరఖాస్తు పెట్టమన్నాను. ముగ్గురి జీతం చీటీలూ నా దగ్గరే ఉన్నాయి, ఆదివారం అన్న దగ్గరకు తీసుకువెళుతున్నాను.