సబ్‌డిస్ట్రిక్ట్ దగ్గర పోయిన నా మొదటి అటెంప్ట్

రిజల్ట్స్‌లో నా నంబర్ కనిపించగానే అమ్మకి ఫోన్ చేశాను, ఆ తర్వాత కూర్చుని ఇదే రాస్తున్నాను. పాలిటీ, ఎకానమీ ఎలా చదివానో చెప్పను, మీరు చదివినట్టే చదివాను. కిందటిసారి ఒక్క మార్కుతో పోయింది, ఆ మార్కు గురించే చెబుతాను.

2011 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌కి సబ్‌డిస్ట్రిక్ట్ ఏది? నేను రెవెన్యూ డివిజన్ అని పెట్టాను. కలెక్టర్ కింద ఆర్డీఓ, ఆయన కింద తహసీల్దార్, కాబట్టి జిల్లా తర్వాతి మెట్టు డివిజనే అనుకున్నాను. జవాబు మండలం. కీ తప్పని వారం రోజులు వాదించాను. చదవక పోలేదు, అది మాత్రం గట్టిగా చెప్పగలను, కాకపోతే ఏ అధికారి ఎవరి కింద పనిచేస్తారన్నదే చదివాను, ఊళ్ల లెక్క ఏ మెట్టు దగ్గర కూడతారో చూడలేదు.

సెన్సస్ కోడ్ చూసిన రోజు నా కళ్లు తెరుచుకున్నాయి. ఉప్పాడనే తీసుకోండి. ముందు రాష్ట్రానికి రెండంకెలు, 28. తర్వాత జిల్లాకి మూడు, అప్పటి తూర్పుగోదావరి 545. ఆ తర్వాత యు.కొత్తపల్లి మండలానికి ఐదు, చివర ఊరికి ఆరు. మొత్తం పదహారు అంకెలు, అందులో డివిజన్‌కి చోటే లేదు. డివిజన్ ఉన్నది ఆర్డీఓ పర్యవేక్షణ కోసం, లెక్కల్లో ఊళ్లు నేరుగా మండలంలోకి, మండలాలు జిల్లాలోకి వెళ్తాయి. 2022 ఏప్రిల్‌లో ఉప్పాడ కాకినాడ జిల్లాలోకి వచ్చినప్పుడు కూడా ఊరితో సహా మండలం మొత్తం కదిలింది.

ఇక్కడే ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. మనకి 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి కాబట్టి సబ్‌డిస్ట్రిక్ట్ అంటే మండలం, ఉత్తరప్రదేశ్‌లో అదే తహసీల్, బీహార్‌లో సీడీ బ్లాక్. ఇక 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో సబ్‌డిస్ట్రిక్ట్ అంటే సబ్‌రిజిస్ట్రార్ పరిధి, దానికి మండలం హద్దుతో పని లేదు. అందుకే ప్రశ్నలో సెన్సస్ అన్న మాట ఉందో లేదో ముందు చూడండి. రోజూ పది గంటలు కూర్చుంటే సరిపోదు, ప్రశ్నని రెండుసార్లు చదివే క్రమశిక్షణ కావాలి, నాకు అది ఒక ఏడాది పోయాక వచ్చింది.

ఈసారి థాయ్‌లాండ్ మీద ప్రశ్న వచ్చింది. అక్కడ రాష్ట్రం లాంటిది చాంగ్వాట్, దాని కింద జిల్లా ఆంఫో, దాని కింద సబ్‌డిస్ట్రిక్ట్ తంబోన్, తంబోన్‌లో ఊళ్లు. వరుస మనలాగే ఉంది కదా అని తంబోన్‌ని మన మండలంతో సమానం చేయకండి, అది కొన్ని ఊళ్ల గుంపే, పెద్దని కమ్నాన్ అంటారు. ఆ దేశంలో జిల్లా అని దేన్ని పిలుస్తున్నారో పట్టుకుని అక్కడి నుంచి ఒక మెట్టు దిగాను, ఈసారి తప్పలేదు.