మా మనవడి డైపర్ మంట, నేను పడిన మాట

మా మనవడికి ఏడు నెలలు. మా అమ్మాయి బ్యాంకు ఉద్యోగానికి తిరిగి వెళ్లినప్పటి నుంచి పగలంతా తిరుపతిలో మా కొర్లగుంట ఇంట్లో వాడు నా చేతుల్లోనే ఉంటాడు. ముప్పై నాలుగేళ్లు పాఠశాలలో పిల్లల గోళ్లు, చెవులు, చొక్కా కాలర్లు చూసి శుభ్రత గురించి పాఠాలు చెప్పిన మనిషిని నేను. అలాంటి నన్ను ఈ మే నెలలో ఒక క్లినిక్కులో, పదిహేను మంది ముందు, బిడ్డను కడగడం చేతకాని దానిలా నిలబెట్టారు. ఆ మాట ఇంకా పచ్చిగా ఉండగానే ఇది రాస్తున్నాను.

మొదట వాడికి చెవి నొప్పి వచ్చింది. వైద్యులు ఐదు రోజుల యాంటీబయాటిక్ సిరప్ రాశారు. చెవి నొప్పి తగ్గింది, కానీ మూడో రోజు నుంచి రోజుకు ఆరేడు సార్లు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగో రోజు సాయంత్రానికి పిరుదుల మీద, తొడల లోపలి వైపు చర్మం కందిపోయింది. ఎండాకాలం, పైగా డైపర్, ఒరుసుకుపోయి ఉంటుందని అనుకున్నాను.

నా అనుమానం సగం నిజమే. ఎప్పుడూ తడిగా ఉన్న చర్మం నాని మెత్తబడుతుంది, మెత్తబడిన చర్మం డైపర్ గుడ్డకు రాసుకుని త్వరగా రేగుతుంది. మూత్రమూ మలమూ కలిసినప్పుడు మలంలోని సూక్ష్మజీవులు మూత్రం నుంచి అమ్మోనియా పుట్టిస్తాయి. దాంతో ఆమ్లత తగ్గి, మలంలో ఉండే జీర్ణరసాలకు చర్మాన్ని తినేసే బలం వస్తుంది. విరేచనాలైన బిడ్డకు ఒక్క పూటలోనే ఎర్రబడటానికి కారణం అదే. ఇలా వచ్చిన ఎర్రదనం డైపర్ తగిలే ఉబ్బెత్తు భాగాల మీద కనిపిస్తుంది కాని, గజ్జల్లో, తొడ మడతల లోపల చర్మం మామూలుగానే మిగులుతుంది. ఈ ఒక్క గుర్తు అప్పటికే నాకు తెలిసి ఉంటే నేనా రెండు వారాలూ అనుభవించేదాన్ని కాదు.

తెలియదు కనుక చేయగలిగినవన్నీ చేశాను. ప్రతి డైపర్ మార్పుకూ సబ్బుతో కడిగాను, సువాసన వేసిన తడి తుడుపు కాగితాలతో రెండు మూడు సార్లు తుడిచాను, పైన కొబ్బరి నూనె, దాని మీద పౌడరు చల్లాను. ఇప్పుడు తలచుకుంటే అందులో మూడు తప్పులున్నాయి. సబ్బూ ఆ కాగితాలూ రేగిన చర్మాన్ని ఇంకా రేపాయి. పౌడరు తడితో కలిసి మడతల్లో ముద్ద కట్టింది, పైగా ఆ పొడి గాలిలో లేచి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళుతుందని, చంటిపిల్లలకు వాడనే కూడదని తరవాత విన్నాను. కొబ్బరి నూనె చెడ్డది కాదు, అయితే అది పలుచని పొర. విరేచనాలను అడ్డుకోగలిగేంత సేపు నిలవదు.

మూడు రోజులకు కూడా తగ్గకపోయేసరికి ఇంటి దగ్గరి మందుల దుకాణంలో అడిగాను. ఆయన చీటీ అడగలేదు, బిడ్డను చూడలేదు, "ఏమ్మా, పసిబిడ్డలకంతా ఇదే ఇస్తాము, రెండు పూటలు రాయండి, తెల్లారేసరికి తెల్లగా అవుతుంది" అని ఒక చిన్న ట్యూబు చేతిలో పెట్టాడు. నిజంగానే మర్నాటికి ఎరుపు పాలిపోయింది. ఆయనను మనసులోనే మెచ్చుకున్నాను. నాలుగో రోజుకు ఎరుపు రెట్టింపై తిరిగొచ్చింది. ఈసారి గజ్జల మడతల్లోకి దిగి, పచ్చి మాంసంలా మెరుస్తూ, అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉండి, ఆ అంచు దాటిన తరవాత కూడా ఆవగింజల్లాంటి చిన్న ఎర్రటి పొక్కులు తొడల మీద చెదురుమదురుగా లేచాయి. మూత్రం తగిలినప్పుడల్లా వాడు ఊపిరి బిగబట్టి ఏడ్చేవాడు.

ఆ సాయంత్రమే ఒక క్లినిక్కుకు వెళ్లాం. గంటన్నర కూర్చున్న తరవాత లోపలికి పిలిచారు. తలుపు తెరిచే ఉంది, ఎదురుగా వరసలో కూర్చున్నవాళ్లకు మేము కనిపిస్తూనే ఉన్నాం. ఆ యువ వైద్యుడు డైపర్‌ను నడుము దగ్గర రెండు వేళ్లు కిందికి లాగి, ఒక్క క్షణం చూసి, వదిలేశాడు. మడత విప్పలేదు. నోరు చూడలేదు. ఏ మందు వాడారో అడగలేదు. "బిడ్డను కడగరా మీరు? రోజుకెన్ని డైపర్లు మారుస్తారు? ఒకటే కట్టి రోజంతా పెడతారా?" అని గట్టిగానే అడిగాడు. రోజుకు పది మారుస్తున్నామని నేను చెబుతుంటే, "అందరూ అలాగే చెబుతారు" అన్నాడు. బయట ఎవరో చిన్నగా నవ్వారు. ఒకావిడ తన బిడ్డను దగ్గరికి లాక్కుంది, మా వాడిది అంటుకునే రోగమైనట్టు. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. జింక్ లేపనం రాసిచ్చి, "శుభ్రంగా పెట్టుకోండి, చాలు" అని పంపించేశాడు. ఇంటికొచ్చే దారిలో ఆటోలో మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఆ రాత్రి వాణ్ని కడిగేటప్పుడు నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నేను సరిగ్గా కడగడం లేదేమోనని. ఇంకొంచెం గట్టిగా రుద్దాను. ఆ అవమానం నా చేత చేయించిన పని అది, దానికి నొప్పి పడింది మాత్రం బిడ్డ.

మర్నాడు మా చెల్లెలు చెప్పిన పిల్లల వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె వాణ్ని కిటికీ వెలుతురులో పడుకోబెట్టి, డైపర్ పూర్తిగా తీసేసి, గజ్జల మడతను రెండు బొటనవేళ్లతో విప్పి మమ్మల్ని కూడా దగ్గరికి రమ్మన్నారు. "ఇక్కడ చూడండమ్మా. ఒరుపు ఒక్కటే అయితే మడత లోపల బాగుండేది. ఇక్కడే ఎక్కువగా ఉంది, అంచున పొట్టు లేస్తోంది, బయట పొక్కులున్నాయి. ఇది ఫంగస్" అన్నారు. తరవాత నాలుకా బుగ్గల లోపలా టార్చి వేసి చూశారు. తుడిచినా పోని తెల్లటి పూత ఉంటే నోటికీ మందు వేయాలని, పాలిచ్చే తల్లి చనుమొనలను కూడా చూడాలని చెప్పారు. మా వాడికి నోరు శుభ్రంగానే ఉంది.

అప్పుడు ఆమె అన్న మాట నాకు వెయ్యి రూపాయల ఫీజు కన్నా విలువైనది: "ఇది కడగక వచ్చింది కాదు." ఈ ఫంగస్ పేరు కాండిడా, మామూలుగానే పేగుల్లో కొద్దిగా ఉంటుంది. చెవికి వాడిన యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను కూడా చంపడంతో దానికి చోటు దొరికింది, విరేచనంతో కిందికి దిగింది, నానిన వెచ్చని చర్మం మీద పాకింది. మూడు రోజులు సరైన జాగ్రత్త తీసుకున్నా తగ్గని ఎరుపు కనిపిస్తే దీన్ని అనుమానించాలట.

సంచిలో ఉన్న దుకాణం ట్యూబు తీసి చూపించాను. చిన్న అక్షరాల్లో మూడు మందుల పేర్లున్నాయి: ఒకటి ఫంగస్‌కు, ఒకటి బాక్టీరియాకు, మూడోది క్లోబెటసాల్ అనే చాలా బలమైన స్టెరాయిడ్. అది వాపునూ ఎరుపునూ అణిచిపెట్టడం వల్లనే మర్నాటికి తెల్లబడింది. అదే చర్మపు రక్షణ శక్తినీ అణచడంతో ఫంగస్ లోలోపల పెరిగింది. డైపర్ కప్పి ఉంచిన చోట రాసిన స్టెరాయిడ్ మామూలు కన్నా ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుందని, వారాల తరబడి రాస్తే చర్మం పలచబడటమే కాక బిడ్డ ముఖం ఉబ్బడం, ఎదుగుదల దెబ్బతినడం దాకా పోవచ్చని చెప్పారు. నాలుగు రోజులే కనుక భయం లేదన్నారు, ఆ క్షణమే ఆపించారు.

ఆమె రాసిచ్చింది చవకైన మందు, ఒక్కటే పేరున్నది: క్లోట్రిమజోల్ ఒక శాతం క్రీము. పొద్దున స్నానమయ్యాక, రాత్రి పడుకోబోయే ముందు, మడతల లోపలికీ, పొక్కులున్నంత మేరకూ పలుచగా రాయాలి. ఐదు నిమిషాలు ఆరనిచ్చి, పైన జింక్ ఆక్సైడ్ లేపనం పట్టించాలి. ఈ లేపనం విషయంలోనే ఆమె ఎక్కువ సేపు చెప్పారు, ఎందుకంటే నేను క్లినిక్కు నుంచి తెచ్చినదాన్ని ఇడ్లీ పళ్లేనికి నూనె రాసినట్టు రాస్తున్నాను. అది గోడకు సున్నం పట్టించినట్టు, కింద చర్మం కనబడకుండా ఉండాలి. మార్చిన ప్రతిసారీ దాన్ని గోకి తీయకూడదు. మలం అంటిన పైపొరను మాత్రమే తీసి, మిగిలిన దాని మీదే మళ్లీ పట్టించాలి. మందు రాసే రెండు పూటలు మాత్రం కొబ్బరి నూనెలో ముంచిన దూదితో మెల్లగా తీసేయాలి. మిగతా సమయంలో గోరువెచ్చని నీళ్లే చాలు, మెత్తని పాత చీర గుడ్డతో రుద్దకుండా అద్దాలి. మలం కనబడిన వెంటనే, లేకపోతే రెండు మూడు గంటలకోసారి మార్చాలి. డైపర్‌ను ఒక సైజు పెద్దది, కాస్త వదులుగా కట్టమన్నారు.

రోజుకు నాలుగు సార్లు పావుగంట చొప్పున వాణ్ని పాత దుప్పటి మీద బట్ట లేకుండా వదిలాను. మా కొర్లగుంట ఎండకు గోడలు కాలుతున్నా గాలి మాత్రం వాడికి మందులా పనిచేసింది. దుప్పట్లు రోజుకు మూడు ఉతికాను, అది వేరే సంగతి.

ప్రతి పొద్దున అదే కిటికీ దగ్గర, అదే సమయానికి ఫొటో తీసి పెట్టుకున్నాను. మూడో రోజుకు కొత్త పొక్కులు ఆగిపోయాయి. ఐదో రోజుకు మెరిసే ఎరుపు గులాబీ రంగుకు వచ్చింది. ఏడో రోజుకు మడత పూర్తిగా మామూలైపోయింది, అయినా ఆమె చెప్పినట్టు మరో మూడు రోజులు మందు ఆపలేదు. ఎరుపు పోయిన రోజే ఆపితే ఫంగస్ తిరిగొస్తుందట. ఆ ఫొటోలు చూసి "ఇలా తెచ్చేవాళ్లు అరుదమ్మా" అన్నారు డాక్టరు గారు. ఆ మాట మా అమ్మాయి ముందు అనడం నాకు ఇంకా సంతోషం.

జ్వరం వచ్చినా, చీము లేదా తేనె రంగు పక్కులు కట్టినా, నీటి పొక్కులు లేచినా, నోటి చుట్టూ చేతుల మీద కూడా ఇలాంటి మచ్చలే వచ్చినా, మూడు నాలుగు రోజుల్లో మందుకు ఏ మార్పూ లేకపోయినా మళ్లీ రమ్మని ఆమె చెప్పారు. నెల లోపు పసికందుకు ఎరుపు కనబడితే ఇంట్లో ప్రయోగాలు వద్దని కూడా అన్నారు.

ఆ క్లినిక్కుకు నేను తిరిగి వెళ్లలేదు. మందుల దుకాణానికి మాత్రం వెళ్లాను, సగం మిగిలిన ట్యూబుతో. స్టెరాయిడ్ ఉన్న మందును చీటీ లేకుండా పసిబిడ్డకు ఎలా ఇచ్చారని అడిగాను. ఆయన ట్యూబును అటూ ఇటూ తిప్పి చూసి, "మూత తీసింది వెనక్కి తీసుకోము కదమ్మా" అన్నాడు. తరవాత కాస్త జాలిపడి, అర నుంచి ఒక బేబీ పౌడరు డబ్బా తీసి, "ఇది కావాలంటే పది రూపాయలు తగ్గించి ఇస్తాను" అన్నాడు.